చేరతానని చెప్పేముందు జట్టుతో ఓ మాట

ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం కుదిరింది. మూడు రోజుల్లో అంగీకారం తెలపమని మెయిల్ చివర రాసి ఉంది. ఈ దశలో మన ఐటీ ఉద్యోగులు హెచ్‌ఆర్ వాళ్లను అడిగేవి ఎక్కువగా చేరే తేదీ గురించో, జాయినింగ్ బోనస్ గురించో ఉంటాయి. ‘రేపు నాతో కలిసి పనిచేసేవాళ్లతో ఒకసారి మాట్లాడించండి’ అని అడగడానికి మాత్రం చాలామందికి నోరు రాదు. మమ్మల్ని నమ్మడం లేదా అనుకుంటారేమోనని, చేతికొచ్చిన ఆఫర్ జారిపోతుందేమోనని జంకు.

ఆ జంకుకు కారణం లేకపోలేదు. మన ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ తొంభై రోజులుండటం మామూలే. ఆఫర్ ఒప్పుకున్న మనిషి, మూడు నెలల తర్వాత గానీ కొత్త ఆఫీసులో అడుగుపెట్టడు. ఈలోపు ఆ ఆఫర్ చూపించి ఇంకో కంపెనీలో ఎక్కువ జీతం అడిగి, చేరాల్సిన రోజున ఫోన్ ఎత్తనివాళ్లు హెచ్‌ఆర్ వాళ్లకు కొత్త కాదు. అందుకే అభ్యర్థి కొత్తగా ఏది అడిగినా, ఇతనూ జారుకునేలా ఉన్నాడే అన్న ఆలోచనే వాళ్లకు ముందు వస్తుంది.

కానీ జట్టుతో మాట్లాడాలన్న కోరిక అందుకు పూర్తిగా వ్యతిరేకమైన సంకేతం. ఆఫర్ కాగితాన్ని బేరానికి వాడుకునేవాడికి కావాల్సింది దానిమీదున్న అంకె. రాత్రి రిలీజ్‌లు ఎవరు చూస్తారో, తన కోడ్‌ను ఎవరు తనిఖీ చేస్తారో అతనికి అక్కర్లేదు. అవి అడిగే మనిషి అక్కడ రోజూ పనిచేయడాన్ని ఊహించుకుంటున్నాడు.

అమెరికాలో రెసిడెన్సీకి దరఖాస్తు చేసుకున్న మన తెలుగు డాక్టర్లకు ఈ విషయం బాగా తెలుసు. అక్కడ ఆసుపత్రులు, అభ్యర్థులు ఒకరినొకరు ఇష్టాన్ని బట్టి వరుసగా రాసిస్తారు. ‘మ్యాచ్’ అనే ఏర్పాటు ఆ జాబితాలను సరిపోల్చి ఎవరు ఎక్కడో తేలుస్తుంది. తేలాక రెండువైపులా కట్టుబడాల్సిందే. అంత గట్టి ఒప్పందం కాబట్టే, అభ్యర్థులు అప్పటికే అక్కడ పనిచేస్తున్న రెసిడెంట్లతో మాట్లాడే వీలు కల్పించడం ఆనవాయితీ అయింది. ఒకప్పుడు ఇంటర్వ్యూ ముందురోజు రాత్రి భోజనాల దగ్గర కలిసేవారు. కోవిడ్ తర్వాత ఇది చాలావరకు ఆన్‌లైన్‌కు మారింది. పెద్ద డాక్టర్లు సాధారణంగా అక్కడ ఉండరు. డ్యూటీలు ఎలా ఉంటాయి, రాత్రిపూట సీనియర్ దొరుకుతారా అని అభ్యర్థి అడిగితే ఎవరూ తప్పు పట్టరు. మూడేళ్లో, అంతకుమించో అక్కడే ఉండబోయే మనిషి అడగాల్సిన ప్రశ్నలవి.

ఉద్యోగం గురించి ఉన్నదున్నట్టు ముందే చెబితే ఏమవుతుందో జాన్ వానస్ అనే అమెరికన్ పరిశోధకుడు టెలిఫోన్ ఆపరేటర్ల మీద పరిశీలించి 1973లో ప్రచురించారు. కొందరికి ఉద్యోగంలోని మంచిని మాత్రమే చూపే సినిమా వేశారు, కొందరికి కష్టసుఖాలు రెండూ చూపేది వేశారు. కష్టాలు చూసినవాళ్లు బెదిరి పారిపోలేదు, ఉద్యోగం ఒప్పుకోవడంలో రెండు గుంపులకూ పెద్ద తేడా రాలేదు. చేరాక మానేయాలన్న ఆలోచన మాత్రం నిజం చూసినవాళ్లలో తక్కువగా కనిపించింది. తర్వాతి పరిశోధనలు ఈ ప్రభావం ఓ మోస్తరుదేనని తేల్చాయి కాబట్టి దీన్ని మంత్రదండం అనుకోకూడదు. అయినా, నిజం చెబితే మనిషి చేజారిపోతాడన్న కంపెనీల భయానికి అందులో ఆధారం దొరకలేదు.

ఇక అడిగే తీరు. ఆరేళ్ల అనుభవమున్న ఓ ఇంజినీరు మాదాపూర్‌లోని సర్వీస్ కంపెనీ నుంచి, చెల్లింపుల యాప్ తయారుచేసే చిన్న కంపెనీకి మారబోతోందనుకుందాం. ఆమె ముందు జీతం సంగతి పూర్తిగా ముగించాలి. అది తేలకుండా జట్టును అడిగితే బేరం కోసం గడువు సాగదీస్తోందనే అనుకుంటారు. రాజీనామా ఇవ్వకముందే అడగాలి. ఇచ్చేశాక అడిగితే, వచ్చే జవాబు ఏదైనా చేయగలిగింది తక్కువ.

ఆమె మెయిల్ సారాంశం ఇలా ఉండొచ్చు: ‘ఆఫర్‌కు ధన్యవాదాలండి. జీతం, హోదా, చేరే తేదీ అన్నీ నాకు సమ్మతమే, వాటిపై అడగాల్సిందేమీ లేదు. చేరితే కొన్నేళ్లు ఉండాలన్నది నా ఉద్దేశం. అందుకే రోజూ కలిసి పనిచేయబోయే ఇద్దరితో విడివిడిగా ఇరవై నిమిషాలు మాట్లాడే ఏర్పాటు చేయగలరా? బుధ, గురువారాల్లో ఎప్పుడైనా నాకు వీలే. శుక్రవారం సాయంత్రానికి నా నిర్ణయం తెలియజేస్తాను.’

ఇందులో బరువంతా ఆ శుక్రవారం మీదే ఉంది. గడువును ఆమే పెట్టుకోవడంతో హెచ్‌ఆర్‌కు ఉన్న జారుకుంటుందేమోనన్న అనుమానం చాలావరకు తగ్గుతుంది. ‘నిర్ణయించుకోలేకపోతున్నాను, మాట్లాడితే తేలుతుంది’ అని రాసి ఉంటే అదే కోరిక సందేహంలా వినిపించేది. నిజంగా సమ్మతం లేనప్పుడు మాత్రం ఈ వాక్యాలు రాయకూడదు.

కాల్‌లో చాలామంది చేసే పొరపాటు, ‘మేనేజర్ మంచివారేనా? పని ఒత్తిడి ఎక్కువా?’ అని అడగడం. ముక్కూమొహం తెలియని మనిషితో ఎవరైనా ‘బాగానే ఉంటుందండి’ అనే అంటారు. అభిప్రాయం అడగకుండా జరిగింది అడగాలి. ‘పోయిన వారం ఆన్‌కాల్ ఎవరు చూశారండి? రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది?’ అంటే అంకెతో జవాబు వస్తుంది. చివరిసారి చెల్లింపులు ఆగిపోయినప్పుడు మర్నాడు ఏం జరిగిందో అడిగితే, అక్కడ తప్పును సరిదిద్దుతారా, తప్పు చేసినవాడిని వెతుకుతారా అన్నది తెలిసిపోతుంది. అమెరికా వాళ్లతో మీటింగులు రాత్రి ఎన్నింటిదాకా ఉంటాయి, ఈ ఖాళీ ఎలా వచ్చింది అన్నవీ తప్పక అడగాల్సినవే.

ఒకే ప్రశ్న ఇద్దరినీ విడిగా అడగడంలో అసలు ప్రయోజనం ఉంది. ఒకరు ఆన్‌కాల్ ఆరు వారాలకోసారి అని, మరొకరు ‘ఎక్కువగా మేమిద్దరమే చూస్తున్నాం’ అని చెప్పారనుకోండి. అబద్ధమాడారని వెంటనే అనుకోనక్కర్లేదు, ఈమధ్య ఎవరో మానేసి ఉండొచ్చు. ఆ తేడాను మేనేజర్ దగ్గర పేర్లు చెప్పకుండా అడగొచ్చు: ‘ఆన్‌కాల్‌కు ఇప్పుడు ఎంతమంది ఉన్నారండి, నేను చేరాక ఎంతమంది అవుతారు?’ అని. వాళ్లు నమ్మి చెప్పిన మాటను వాళ్ల పేరుతో పైవాళ్లకు చేరవేస్తే, చేరకముందే జట్టులో నమ్మకం పోతుంది.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. కంపెనీ సాధారణంగా బాగా మాట్లాడేవారినే ముందుకు తెస్తుంది. కాల్‌లో మేనేజర్ కూడా కూర్చుంటే మాటలు పొడిపొడిగానే వస్తాయి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో చేరే నాటికి ప్రాజెక్టే ఖరారు కాకపోవచ్చు, అక్కడ లేని జట్టును చూపించమనడం కుదరదు. అప్పుడు ఆ విభాగం చూసే డెలివరీ మేనేజర్‌తో మాట్లాడటమే మేలు. క్యాంపస్ నియామకాల్లోనూ ఇది అంతగా చెల్లదు. ఒక్కోసారి, తీసేయబోతున్న మనిషి స్థానంలో కొత్తవారిని తీసుకుంటున్నందువల్ల జట్టుకు ఆ సంగతే తెలియకపోవచ్చు. కారణం చెప్పి కాదంటే అర్థం చేసుకోవాలి, మేనేజర్‌తోనే మరోసారి మాట్లాడించమని అడగాలి. ఏ కారణమూ చెప్పకుండా ‘ఇవాళే సంతకం పెట్టండి, లేదంటే ఆఫర్ రద్దు’ అంటే, ఆ కంపెనీలో రేపు సెలవు అడిగినా ఇలాంటి జవాబే రావచ్చని అనుకోవడంలో తప్పులేదు.

హెచ్‌ఆర్ విభాగాలు ఈ అవకాశాన్ని ఆఫర్ మెయిల్‌లో తామే రాసిస్తే అభ్యర్థికి జంకు ఉండదు. ఆ ఇద్దరితో పరిచయం తొంభై రోజుల నిరీక్షణలోనూ పనికొస్తుంది. అభ్యర్థి చేయాల్సింది ఒకటుంది. శుక్రవారం అని రాస్తే శుక్రవారం సాయంత్రమే జవాబు పంపాలి, అది ‘చేరడం లేదు’ అయినా సరే.