కువైట్ నుండి ఆర్డరు, రాయచోటిలో గుమ్మం

రాయచోటి, కడప, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్ వెళ్ళిన వారు ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు అక్కడి నుండే ఫోనులో వస్తువులు ఆర్డరు చేయడం నేడు ప్రతి వీధిలోనూ చూస్తున్నాము. ఇది తల్లిదండ్రుల సేవలో ఒక భాగమే. డబ్బు చెల్లింపు నిమిషంలో జరిగిపోతుంది. కాని ఆ వస్తువు గుమ్మం వరకు వచ్చి వెనుదిరిగితే, కొడుకు చెల్లించిన పైకం అతనికి తిరిగి రావచ్చు గాని, తండ్రికి కావలసిన వస్తువు మాత్రం కావలసిన రోజున అందదు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో జరిగినది చెబుతాము. ఆ ఇంటి పెద్దాయనకు తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. నడవడానికి వాకర్ కావాలి. కువైట్‌లో ఉన్న కుమారుడు అదే రాత్రి ఆర్డరు పెట్టాడు. నాలుగవ రోజున పార్సెల్ ఊరికి చేరింది. మూడు రోజులు వరుసగా డెలివరీకి బయలుదేరి, మూడు రోజులూ వెనక్కే పోయింది. ఆ తరువాత అమ్మినవారికే తిరిగి వెళ్ళింది. పెద్దాయన ఆ వారమంతా భార్య భుజం పట్టుకొని స్నానాల గదికి నడిచారు.

కారణం వెదికితే ఒకటి కాదు, మూడు బయటపడ్డాయి. మొదటిది ఫోను నంబరు. చిరునామాలో కుమారుడు తన పాత భారతీయ నంబరునే ఉంచాడు. ఆ సిమ్ రీచార్జి లేక ఎన్నడో ఆగిపోయింది. కువైట్ నంబరు వ్రాయడానికి ఫారమే ఒప్పుకోదు. మన దేశపు మొబైల్ నంబరు పది అంకెలు, కువైట్‌ది ఎనిమిది. ఒకవేళ చిరునామా వరుసలో దానిని ఇరికించి వ్రాసినా, వీధిలో బండి ఆపి నిలుచున్న కుర్రవాడు తన చేతి డబ్బుతో విదేశానికి ఫోను చేయడు. చేయమనడం న్యాయమూ కాదు. తెరపై కనిపించినది ‘Customer not reachable’ అన్న ఒక్క మాట. ఆ మాట కనిపించిన రోజే నంబరు తప్పని గ్రహించాలి. వీరు మూడవ రోజు వరకు చూస్తూ ఉన్నారు.

కనుక చిరునామాలోని నంబరు, ఆ రోజు ఇంట్లో ఉండే మనిషిది కావాలి. తండ్రిదా, తల్లిదా అన్నది ముఖ్యం కాదు. ఎవరు ఫోను ఎత్తుతారన్నదే ముఖ్యం. జొహర్ వేళ తండ్రి మస్జిదులో ఫోను మౌనంగా ఉంచుతారు. శుక్రవారం మధ్యాహ్నమైతే జుమా ముగిసే వరకు దొరకరు. మరికొందరు తల్లులు తెలియని నంబరు ఎత్తరు. మోసగాళ్ళ భయంతో ఎత్తవద్దని బిడ్డలే చెప్పి ఉంటారు. అలాంటి ఇంటికి పక్కింటి పినతల్లి కొడుకు నంబరో, వీధి చివరి కిరాణా అంగడి నంబరో, వారి అనుమతితో వ్రాయడం మేలు. పరాయి పురుషునికి తలుపు తీయడానికి సంకోచించే ఒంటరి స్త్రీకి, ఇద్దత్‌లో ఉన్నవారికి, అంగడిలో దింపించుకోవడమే సుఖం.

రెండవ కారణం చిరునామా. ఆ వీధిలో అదే పేరు గల పెద్దమనుషులు ముగ్గురున్నారు. షేక్, పఠాన్, సయ్యద్ అన్న ఇంటిపేర్లతో నిండిన మన వీధుల్లో ఇది వింత కాదు. పార్సెల్‌పై ఉన్నదేమో ఊరు విడిచి ఎన్నో ఏళ్ళైన కుమారుని పేరు. తండ్రి పేరు వ్రాసి, పక్కనే జనం పిలిచే పేరో, వృత్తో చేర్చితే వీధిలో ఎవరిని అడిగినా చూపుతారు. గుర్తు వ్రాసేటప్పుడు ‘మస్జిదు దగ్గర’ అంటే చాలదు. ఊళ్ళో మస్జిదులెన్నో. దాని పేరు వ్రాయాలి. అది కాక పెట్రోలు బంకు, నీళ్ళ ట్యాంకు, పాఠశాల వంటి, ఎవరైనా ఎరిగిన గుర్తు ఒకటి తోడు చేయాలి.

పిన్ కోడు విషయంలో ఒక మాట. ఆరు అంకెలలో మొదటిది 5 అయితే అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలది. పిన్ కోడు తపాలా కార్యాలయాన్ని బట్టి ఉంటుంది, జిల్లా పేరును బట్టి కాదు. 2022లో రాయచోటి కడప జిల్లా నుండి విడిపోయి అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళినప్పుడు జిల్లా పేరు మారింది గాని, పిన్ కోడు మారలేదు. పల్లెల వారు పొరుగూరి కోడు వ్రాయడం వలన పార్సెల్ వేరే కేంద్రానికి చేరడం కద్దు. ఇంటికి వచ్చిన పాత తపాలా కవరుపై ఉన్న కోడును చూచి వ్రాయాలి.

ఇక మ్యాపులోని సూది గుర్తు. కువైట్‌లో కూర్చొని ‘Use current location’ నొక్కితే అది కువైట్‌నే చూపుతుంది. ఊరి పేరు మాత్రమే టైపు చేస్తే సూది ఊరి నడిబొడ్డున నిలుస్తుంది. ఇంట్లో ఎవరైనా గుమ్మం ముందు నిలిచి వాట్సాప్‌లో తమ లొకేషన్ పంపితే, దాన్ని చూచి మ్యాపులో సూదిని అక్కడికి జరపాలి. ఈ పని ఒక్కసారి చేసి భద్రపరిస్తే చాలు. సెలవుపై ఊరికి వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి చేసుకుంటే మరీ సులభం.

మూడవది ఓటీపీ, మా అభిప్రాయంలో అన్నింటికంటె చిక్కైనది. కొన్ని ఆర్డర్లలో అది చిరునామాలోని నంబరుకు వస్తుంది, కొన్నింటిలో ఖాతా ఎవరిదో వారి ఫోనుకు, ఈమెయిలుకు వస్తుంది. ఆ వాకర్ విషయంలో అది కువైట్‌కే వెళ్ళింది. రెండవ రోజున ఆ కుర్రవాడు అడుగుతూ ఇల్లు కనుక్కొన్నాడు కూడా. ఇక్కడ పదకొండు గంటలైతే అక్కడ ఎనిమిదిన్నర. కుమారుడు పనిలో ఉన్నాడు, ఫోను లాకరులో ఉంది. గుమ్మంలో కుర్రవాడు “ఓటీపీ చెప్పండమ్మా” అంటాడు. తల్లికేమో అది ఎవ్వరికీ చెప్పకూడదని తెలుసు, పైగా ఆమె వద్ద లేనే లేదు. అతడు వెళ్ళిపోయాడు. మూడవ రోజున వచ్చినవాడు వేరొకడు, ఇల్లు దొరకలేదన్నాడు.

ఓటీపీ వచ్చిన వెంటనే కుమారుడు దాన్ని ఇంటికి పంపి, తల్లికి మాటల్లోనూ చెప్పాలి. బ్యాంకు ఓటీపీకి, దీనికి తేడా ఇలా చెప్పవచ్చు: “అమ్మీ, ఈ అంకెలు పార్సెల్ నీ చేతికి వచ్చాక, ఎదుట ఉన్న మనిషికి మాత్రమే చెప్పు. ఫోనులో అడిగితే చెప్పకు. డబ్బు నేను కట్టేశాను, ఎవరికీ రూపాయి ఇవ్వకు.” ముందే కట్టిన పార్సెల్‌కు డబ్బు అడిగినవాడు మోసగాడని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. డెలివరీ పేరుతో ఫోను చేసి *401* తో మొదలయ్యే నంబరు నొక్కమనేవారూ ఉన్నారు. అది నొక్కితే ఆమెకు వచ్చే కాల్స్ మోసగానికి మళ్ళుతాయి. పొరపాటున నొక్కి ఉంటే ##002# నొక్కి ఆ మళ్ళింపును రద్దు చేయాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఆ కుమారుడు ఈ మూడూ సరిచేసిన తరువాత ముందుగా ఒక చవకైన టార్చిలైటు ఆర్డరు చేశాడు. అది మేనల్లుని చేతికి సరిగా అందింది. వాకర్‌ను మాత్రం అతడు ఆన్‌లైన్‌లో మళ్ళీ కొనలేదు. ఊళ్ళోని మందుల దుకాణానికి ఫోను చేసి, డబ్బు పంపి, ఆ సాయంత్రమే ఇంటికి చేర్పించాడు. రెండు రోజుల్లోపు కావలసిన వస్తువుకు ఆ దారే సరైనదని మేమూ అంటాము. దుప్పటి, మిక్సీ వంటివి వారం ఆలస్యమైనా ఫరవాలేదు.