పంపు ఎప్పుడు ఆగాలి?

మురుగునీటి పంపింగ్ స్టేషన్ ఎలా పనిచేయాలో మామూలు మాటల్లో రాసిపెట్టే పత్రమే కంట్రోల్ నెరేటివ్. అందులో "సంపు నిండితే పంపు నడవాలి" అని రాస్తే చాలదు. ఎంత నిండితే? ఎప్పుడు ఆగాలి? స్టార్ట్‌కూ స్టాప్‌కూ ఒకే మట్టం పెడితే పంపు క్షణానికోసారి ఆగి మొదలవుతుంది, మోటారు వేడెక్కుతుంది.

రెండు పంపులున్న సంపు ఒకటి ఊహిద్దాం. "సంపు అడుగు నుంచి మట్టం 2.0 మీటర్లు దాటి 5 సెకన్లు నిలిస్తే మొదటి పంపు స్టార్ట్ కావాలి. 2.4 దాటితే రెండోదీ నడవాలి. 0.8కి దిగితే రెండూ ఆగాలి." ఇలా రాస్తే ప్రోగ్రామర్ ఊహించుకోవాల్సింది తగ్గుతుంది. "సంపు అడుగు నుంచి" అన్న మాట మాత్రం వదలకూడదు. సెన్సర్ అడుగుకన్నా పైన ఉంటే లెక్కంతా తప్పుతుంది.

అసలు ప్రమాదం సెన్సర్ చెడినప్పుడు. మట్టాన్ని అది 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటుగా పంపుతుంది. వైరు తెగితే సున్నా వస్తుంది. ప్రోగ్రాం దాన్ని ఖాళీ సంపు అనుకుని పంపులు ఆపేస్తుంది, మురుగు రోడ్డెక్కుతుంది. అందుకే ఇంకో వాక్యం కావాలి: "సిగ్నల్ 3.6 కన్నా తగ్గి 3 సెకన్లు ఉంటే సెన్సర్ చెడినట్టు అలారం రావాలి. అప్పటినుంచి పై ఫ్లోట్ స్విచ్ తేలితే ఒక పంపు నడవాలి, కింది ఫ్లోట్ వాలితే ఆగాలి."

ఆపరేటర్‌కు అలారం వచ్చినప్పుడు ఏం చూడాలో ఇందులోనే దొరుకుతుంది. టెస్టర్ వైరు ఊడదీసి, ఫ్లోట్‌ను చేత్తో ఎత్తి, పంపు స్టార్ట్ అయిందో లేదో ఆ వాక్యం పక్కనే రాసుకుంటాడు.