ఖాళీలో ఏ మాట? ఇంగ్లిష్ ఆర్టికల్స్, ప్రిపోజిషన్స్ వెనుక ఉన్న సూత్రాలు

ఇంగ్లిష్ ప్రశ్నపత్రంలో ఖాళీలు పూరించే ప్రశ్నలు చూడటానికి చిన్నవి. ఒక్క మాట రాస్తే చాలు, అదీ రెండు మూడు అక్షరాల మాట. అయినా తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు మార్కులు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. తెలుగులో ఆర్టికల్స్ లేవు. ప్రిపోజిషన్ చేసే పనిని మనకు నామవాచకం తర్వాత వచ్చే ‘లో, కి, తో, నుంచి’ వంటి విభక్తి ప్రత్యయాలు చేస్తాయి. ఒక్కో ప్రత్యయానికి ఇంగ్లిష్‌లో రెండు మూడు మాటలుంటాయి. అందుకే వాక్యాన్ని తెలుగులోకి మార్చుకుని జవాబు వెతికితే తరచుగా తప్పవుతుంది. ఖాళీకి ముందున్న మాట, తర్వాతి మాట చూస్తే సూత్రం దొరుకుతుంది.

మొదట ‘ఎ’, ‘యాన్’ సంగతి. ‘హి ఈజ్ ____ ఆనెస్ట్ మ్యాన్’, ‘షి స్టడీస్ ఎట్ ____ యూనివర్సిటీ’ అన్నవి తరచుగా కనిపించే ప్రశ్నలు. మొదటిదానికి ‘యాన్’, రెండోదానికి ‘ఎ’. సూత్రం అక్షరానిది కాదు, ఉచ్చారణది. ఖాళీ తర్వాతి మాట అచ్చు శబ్దంతో మొదలైతే ‘యాన్’, హల్లు శబ్దంతో మొదలైతే ‘ఎ’. ‘ఆనెస్ట్’, ‘అవర్’ అనే మాటల స్పెల్లింగ్‌లో ముందు హెచ్ ఉన్నా దాన్ని పలకం. ‘యూనివర్సిటీ’ స్పెల్లింగ్ యు అనే అచ్చుతో మొదలైనా నోట వచ్చేది ‘య’ అనే హల్లు. పొట్టి పేర్లకూ ఇదే వర్తిస్తుంది కాబట్టి ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ ఎఫ్ఐఆర్’ అనాలి. ఖాళీని ఆనుకుని ఉన్న మాటే ముఖ్యం, నామవాచకం కాదు. అందుకే ‘ఎ యూనివర్సిటీ’ కాస్తా ‘యాన్ ఓల్డ్ యూనివర్సిటీ’ అవుతుంది.

మాటను తెలుగు లిపిలో రాసుకుని మొదటి అక్షరం అచ్చా, హల్లా అని చూడటం మంచి పద్ధతే. అందులో ఒక చిక్కుంది. ‘యాక్టర్’, ‘యాపిల్’, ‘యాంగిల్’ అని మనం యకారంతో రాస్తాం. ఇంగ్లిష్‌లో అవి అచ్చుతోనే మొదలవుతాయి. ఆ అచ్చుకు తెలుగులో ప్రత్యేక అక్షరం లేక ‘యా’తో సరిపెట్టుకుంటున్నాం. కాబట్టి ‘యాన్ యాక్టర్’, ‘యాన్ యాపిల్’ అన్నవే సరైనవి.

‘ఎ’కూ ‘ద’కూ తేడా వేరు. ఒక వస్తువును మొదటిసారి చెప్పినప్పుడు వినేవారికి అది ఏదో తెలియదు కనుక ‘ఎ’ వస్తుంది. ఏదో తెలిసిపోయాక ‘ద’ వస్తుంది. ‘రవి బాట్ ____ స్కూటర్. ____ స్కూటర్ ఈజ్ రెడ్’ అన్నచోట మొదటి ఖాళీలో ‘ఎ’, రెండో ఖాళీలో ‘ద’. మొదటిసారి చెప్పినా, వెనుక ఉన్న మాటలు అది ఏదో తేల్చేస్తే ‘ద’ రాయాలి. ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్డే’ అంటే నిన్న వచ్చిన ఆ కుర్రాడే, మరొకడు కాదు. నదులు, పర్వత శ్రేణుల పేర్లకు ముందు ‘ద’ ఉంటుంది. ‘ద గోదావరి’, ‘ద హిమాలయాస్’ అంటాం. విడి శిఖరానికి ఉండదు, ‘మౌంట్ ఎవరెస్ట్’ అంతే.

‘హర్ సిస్టర్ ఈజ్ ____ డాక్టర్’ అన్న ఖాళీని చాలామంది వదిలేస్తారు. తెలుగులో ‘ఆమె అక్క డాక్టర్’ అంటామే తప్ప ‘ఒక డాక్టర్’ అనం. ఇంగ్లిష్‌లో లెక్కపెట్టగలిగే నామవాచకం ఏకవచనంలో ఉంటే దాని ముందు సాధారణంగా ఏదో ఒకటి ఉండాలి. వృత్తి చెప్పేటప్పుడు అది ‘ఎ’ లేదా ‘యాన్’. దీనికి మినహాయింపు కూడా పరీక్షల్లో కనిపిస్తుంది. పిల్లలు చదువుకోడానికి వెళితే ‘గో టు స్కూల్’, ఆర్టికల్ లేదు. తండ్రి హెడ్మాస్టర్ని కలవడానికి ఆ బడికి వెళితే ‘వెంట్ టు ద స్కూల్’. అక్కడ జరిగే పని కోసం వెళ్లారా, ఆ భవనానికి వెళ్లారా అన్నది తేడా.

ప్రిపోజిషన్లలో తెలుగువారిని ఎక్కువగా తికమకపెట్టేవి ‘సిన్స్’, ‘ఫర్’. రెండింటికీ మనం ‘నుంచి’ అనే అంటాం. 2019 నుంచి ఇక్కడ ఉంటున్నాను, ఆరేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను అన్న రెండు వాక్యాలూ తెలుగులో ఒకే తీరులో నడుస్తాయి. ఇంగ్లిష్‌లో 2019 అన్నది మొదలైన క్షణం, దానికి ‘సిన్స్’. ఆరేళ్లు అన్నది గడిచిన నిడివి, దానికి ‘ఫర్’. ఖాళీ తర్వాతి మాటను ‘ఎప్పుడు మొదలైంది?’ అని అడగాలి. దానికి జవాబైతే ‘సిన్స్’. ‘ఎంతకాలం?’ అన్నదానికి జవాబైతే ‘ఫర్’. ‘తెలంగాణ హాజ్ బీన్ ఎ స్టేట్ ____ 2014’ అన్నచోట ‘సిన్స్’ అనడానికి ఇదే కారణం.

ఇక్కడ ప్రశ్న కూర్చేవారికి ఇష్టమైన వల ఒకటుంది. ‘____ లాస్ట్ ఇయర్’, ‘____ ద లాస్ట్ టూ ఇయర్స్’ చూడటానికి ఒకేలా ఉంటాయి. ‘లాస్ట్ ఇయర్’ అన్నది గతంలోని ఒక గుర్తు కాబట్టి ‘సిన్స్’. ‘ద లాస్ట్ టూ ఇయర్స్’ రెండేళ్ల నిడివి కాబట్టి ‘ఫర్’. క్రియను కూడా చూడాలి. ‘సిన్స్’ ఉన్న వాక్యంలో సాధారణంగా ‘హాజ్ బీన్’, ‘హావ్ బీన్’ వంటి రూపం ఉంటుంది. పని ముగిసిపోయి ‘హి వర్క్డ్ ఇన్ దుబాయ్ ____ 2010 టు 2015’ అని ఉంటే అక్కడి ‘నుంచి’ ‘సిన్స్’ కాదు, ‘ఫ్రమ్’. వెనుక ఉన్న ‘టు’ దాని గుర్తు.

కాలాన్ని చెప్పే ‘ఎట్, ఆన్, ఇన్’ మూడింటికీ కాలం పెద్దదా చిన్నదా అన్నదే కొలత. గడియారంలో కనిపించే సమయానికి ‘ఎట్’, రోజుకు, తేదీకి ‘ఆన్’, నెలకు, సంవత్సరానికి ‘ఇన్’. భారత స్వాతంత్ర్యాన్నే తీసుకుంటే ‘ఎట్ మిడ్‌నైట్’, ‘ఆన్ 15 ఆగస్ట్ 1947’, ‘ఇన్ 1947’ అని మూడు రకాలుగా చెప్పవచ్చు. తేదీలో సంవత్సరం కనిపించగానే ‘ఇన్’ రాసేయడం మామూలు పొరపాటు. రోజు ఉన్నచోట రోజుదే పైచేయి. అందుకే ‘ఇన్ ద మార్నింగ్’ సరైనదే అయినా, సోమవారం చేరితే ‘ఆన్ మండే మార్నింగ్’ అవుతుంది. ‘ఎట్ నైట్’ ఈ కొలతకు లొంగదు, గుర్తుపెట్టుకోవాల్సిందే.

కొన్ని ఖాళీలకు జవాబు ముందున్న మాటే నిర్ణయిస్తుంది. ‘షి ఈజ్ మ్యారీడ్ ____ ఎన్ ఇంజనీర్’ అంటే తెలుగులోని ‘తో’ను తలచుకుని ‘విత్’ రాస్తారు. ‘మ్యారీడ్’ అడిగేది ‘టు’ను. లెక్కల్లో దిట్ట అంటే ‘గుడ్ ఎట్ మ్యాథ్స్’, ‘ఇన్’ కాదు. లాటిన్ నుంచి వచ్చిన ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’ పోలికను చెప్పినా ‘దాన్’ తీసుకోవు, ‘టు’ తీసుకుంటాయి. ‘ఐ ప్రిఫర్ టీ ____ కాఫీ’లోనూ అంతే.

ఏమీ రాయకూడని ఖాళీలూ ఉంటాయి. ‘వుయ్ డిస్కస్డ్ ____ ద మ్యాటర్’ చూడగానే ‘గురించి’ గుర్తొచ్చి ‘అబౌట్’ రాయాలనిపిస్తుంది. ‘డిస్కస్’ నేరుగా కర్మను తీసుకునే క్రియ, దానికీ కర్మకూ మధ్య ప్రిపోజిషన్ పట్టదు. ‘రీచ్’, ‘రిజెంబుల్’ కూడా అంతే. ఊరు చేరామంటే ‘రీచ్డ్ ద విలేజ్’ అనాలి. ‘ఎంటర్’ గదికైతే ప్రిపోజిషన్ లేకుండా ‘ఎంటర్డ్ ద రూమ్’, ఒప్పందానికైతే ‘ఎంటర్డ్ ఇంటూ యాన్ అగ్రిమెంట్’. ఇలాంటి ప్రశ్నల్లో ‘ప్రిపోజిషన్ అవసరం లేదు’ అన్నది ఇచ్చిన జవాబుల్లో ఒకటిగా ఉంటే, ఆ క్రియ నేరుగా కర్మను తీసుకుంటుందో లేదో ముందు చూడాలి.