సాక్షుల పేర్లున్న మెయిల్‌కు ఏ తాళం వేయాలి?

ఒక నిజనిర్ధారణ బృందం దాడి జరిగిన పల్లెకు వెళ్లి వచ్చిందనుకుందాం. బాధితుల వాంగ్మూలాలు, సాక్షుల ఫోన్ నంబర్లు, ఎఫ్ఐఆర్ కాపీలు అన్నీ ఒక విద్యార్థిని గూగుల్ ఖాతాలో ఉన్నాయి. ఆ పాస్‌వర్డ్ ఎవరికైనా చిక్కితే నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. పేరు బయటకు రాదని నమ్మి మాట్లాడిన సాక్షి కూడా. అందుకే పాస్‌వర్డ్‌కు తోడుగా రెండో తాళం కావాలి. అందులో మూడు రకాలున్నాయి.

మొదటిది ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ. ఇది మన చేతిలోని ఫోన్‌కు కాదు, నంబరుకు వస్తుంది. మన పేరుతో ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. పక్కవాళ్లకు అదే కంపెనీ సిగ్నల్ ఉండి, మన ఫోన్‌లో మాత్రం హఠాత్తుగా పోతే అనుమానించాలి.

రెండోది ఆథెంటికేటర్ యాప్. ఇందులో ఆరంకెల కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి ఫోన్‌లోనే తయారవుతుంది. దానికి సిగ్నల్, నెట్ అక్కర్లేదు, కాబట్టి డూప్లికేట్ సిమ్‌తో దాన్ని కాజేయలేరు. కానీ ‘మీ ఖాతా మూసేస్తున్నాం, లాగిన్ అవ్వండి’ అంటూ వచ్చిన నకిలీ పేజీలో మనమే ఆ కోడ్ కొడితే, అవతలివాళ్లు వెంటనే దాన్ని అసలు పేజీలో వాడేస్తారు.

ఈ మోసాన్ని ఆపేది మూడోది, సెక్యూరిటీ కీ. చూడటానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది. దాని జవాబు అసలు సైటు చిరునామాకే ముడిపడి ఉంటుంది. నకిలీ పేజీని చూసి మనం మోసపోయినా కీ మోసపోదు.

మా సూచన ఇది. సాక్షుల వివరాలు దాచే ఖాతాకు కీ పెట్టండి, మిగతా సభ్యులంతా యాప్ వాడండి. వేరే దారి లేని చోట ఎస్సెమ్మెస్ అయినా పెట్టుకోండి, ఏమీ లేకపోవడం కన్నా అది మేలే. కీ కొనేవాళ్లు రెండు కొని, రెండూ ఖాతాకు జతచేసి, ఒకటి ఇంకో చోట దాచాలి. గూగుల్ ఖాతాలో 2-Step Verification కింద Backup codes ఉంటాయి. వాటిని కాగితంపై రాసి, ఫోన్‌కు దూరంగా పెట్టాలి. ఫోన్ పోయినా, పోలీసులు తీసుకెళ్లినా తిరిగి లాగిన్ కావడానికి పనికొచ్చేది ఆ కాగితమే.

తర్వాత, ఒక చోట లాగిన్ అలాగే ఉంచి, వేరే కంప్యూటర్‌లో రెండు కీలతోనూ లాగిన్ అయి చూడండి. అవి పనిచేశాకే రెండో అంచె నుంచి ఫోన్ నంబరు తీసేయండి. అది అక్కడే ఉంటే, కీ ఉన్నా ఓటీపీ దారి తెరిచే ఉన్నట్టు.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. ఇప్పటికే లాగిన్ అయి ఉన్న ఫోన్ తెరిచి ఎవరి చేతికైనా చిక్కితే ఈ మూడింటిలో ఏదీ కాపాడదు. దానికి స్క్రీన్ లాకే దిక్కు.