చివరి గడిలో 60 రావాలి

ఒక ఊరి పాలకేంద్రం అనుకుందాం. పొద్దున పూట 60 మంది పాలు పోశారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో రిజిస్టరులో వరసగా రాసి ఉంది. ఆ అంకెల్ని పైనుంచి కిందికి ఎన్నిసార్లు చూసినా ఏమీ బోధపడదు. అందుకే రెండేసి లీటర్లకు ఒక తరగతి చొప్పున విడగొట్టి, ఏ తరగతిలో ఎంతమంది పడ్డారో లెక్కపెడతాం. ఆ సంఖ్యే పౌనఃపున్యం. దాని పక్కన గీసే మూడో నిలువు వరస సంచిత పౌనఃపున్యం.

| లీటర్లు | మంది | సంచితం |
|---|---|---|
| 0–2 | 7 | 7 |
| 2–4 | 16 | 23 |
| 4–6 | 19 | 42 |
| 6–8 | 11 | 53 |
| 8–10 | 5 | 58 |
| 10–12 | 2 | 60 |

మొదటి గడిలో 7 అలాగే దించుకున్నాం. దానికి పక్క తరగతి 16 కలిపితే 23. ఆ 23కు 19 కలిపితే 42. ఇలా ప్రతి గడిలోనూ పై గడి మొత్తానికి ఆ వరస పౌనఃపున్యం కలుపుకుంటూ దిగాలి.

కట్టడం తేలికే. చదవడంలోనే పిల్లలు తడబడతారు. 42ను చూసి, నాలుగు నుంచి ఆరు లీటర్ల మధ్య పోసినవాళ్లు 42 మంది అనేస్తారు. వాళ్లు 19 మందే. ఆరు లీటర్లకు తక్కువ పోసినవాళ్లంతా కలిస్తే 42 మంది. అంటే సంచిత పౌనఃపున్యం తరగతి మొత్తానిది కాదు, ఆ తరగతి ఎగువ హద్దుది. ఓజివ్ వక్రం గీసేటప్పుడు 42ను 5 దగ్గర కాకుండా 6 దగ్గర గుర్తించేది అందుకే.

చివరి గడిని కూడా ఇలాగే చదవండి: 12 లీటర్లకు తక్కువ పోసినవాళ్లు ఎంతమంది? అంతకు మించి పోసినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, వచ్చినవాళ్లందరూ. కనుక అక్కడ 60 రాకపోతే పైన ఎక్కడో తప్పు జరిగినట్టే.

ఒక తప్పును దగ్గరగా చూద్దాం. ఒక అమ్మాయి 23కు 19 కలుపుతూ, మూడూ తొమ్మిదీ పన్నెండు అనుకుని 2 వేసింది, చేతిలో మిగిలిన 1 మరిచిపోయింది. 42కు బదులు 32 పడింది. అక్కణ్నుంచి కూడికలన్నీ సరిగ్గానే చేసింది: 43, 48, 50. చివరికి 60 రావలసిన చోట 50 వచ్చింది. మధ్యలో పడిన పది లోటు కిందిదాకా అలాగే దిగింది. సరిగ్గా పది తక్కువ వచ్చిందంటే మొదట అనుమానించవలసింది మరిచిపోయిన చేతి అంకెనే.

అలాగని అంతా చెరిపేసి మళ్లీ కట్టనక్కర్లేదు. కిందినుంచి పైకి తీసివేస్తూ రావాలి. 50లోంచి 48 పోతే 2, సరిపోయింది. 48లోంచి 43 పోతే 5, అదీ సరే. 43లోంచి 32 పోతే 11, సరే. 32లోంచి 23 పోతే 9. కానీ పక్కన ఉన్నది 19. తప్పు దొరికింది. ఒక వరసే దాటేసినా లోటు చూసి పట్టుకోవచ్చు. చివర 41 వస్తే తగ్గింది 19, కాబట్టి ముందుగా 4–6 వరస కలిపామో లేదో చూసుకోవాలి.

అయితే 60 వచ్చినంత మాత్రాన పట్టికంతా సరైనదని నమ్మకూడదు. సరిగ్గా 6 లీటర్లు పోసిన రైతు ఎక్కడికి వెళ్తాడు? ఈ పట్టికలో ఎగువ హద్దు ఆ తరగతికి చెందదు. ఆయన 6–8లోకి వెళ్లాలి. పొరపాటున 4–6లో వేశామనుకోండి. అక్కడ 20, కింద 10 అవుతాయి. సంచితం 7, 23, 43, 53, 58, 60. ఒక్క 42 మాత్రమే 43 అయింది. మరుసటి వరసకే లెక్క సర్దుకుంది, చివరి గడికి ఆ తప్పు తెలియనే తెలియదు. ఆయన్ని రెండు తరగతుల్లోనూ వేస్తే 61, రెండింట్లోనూ వదిలేస్తే 59 వచ్చి బయటపడేది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 61, 59 తప్పని తెలియాలంటే ఆ 60 ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ముఖ్యం. చాలామంది పౌనఃపున్యాల వరసనే కూడి అడుగున మొత్తం వేసి, చివరి గడిని దాంతో పోలుస్తారు. అవే ఆరు అంకెల్ని రెండుసార్లు కూడితే కూడికలో తప్పు తెలుస్తుంది కానీ, గీతలు పెట్టి లెక్కించేటప్పుడు జారిపోయిన రైతు తెలియడు. రెండు చోట్లా 59 వచ్చి చక్కగా సరిపోతుంది. అందుకే పట్టిక మొదలుపెట్టకముందే రిజిస్టరులో పేర్లు లెక్కపెట్టి, ఆ 60ని కాగితం పైమూల విడిగా రాసి పెట్టుకోవాలి. చివరి గడిని పోల్చవలసింది దాంతోనే.