కీలో మూడు, నాణెం చెప్పేది నాలుగు

ఒక చిన్న వృత్తం ఉంది. దాని పక్కన మూడు రెట్ల వ్యాసార్థంతో ఒక పెద్ద వృత్తం ఉంది. పెద్దది కదలదు. చిన్నది దాని అంచును అంటుకుని, జారకుండా దొర్లుతూ, చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. ఈలోగా చిన్న వృత్తం తన చుట్టూ తాను ఎన్నిసార్లు తిరిగినట్టు?

విజయవాడ శివారులో ఒక జూనియర్ కాలేజీ హాస్టల్‌ను, అందులో ఇంటర్ రెండో ఏడాది చదివే ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. కుర్రాడు కల్పితమే కానీ లెక్క కల్పితం కాదు. స్టడీ అవర్ అయిపోయింది, వార్డెన్ గదుల్లో లైట్లు తీయించేశాడు. వరండా లైటు కింద కూర్చుని అతను వీక్లీ టెస్ట్ పేపర్‌ను కీతో సరిచూసుకుంటున్నాడు. ఈ లెక్కకి అతను రాసుకున్న జవాబు నాలుగు, కీలో ఉన్నది మూడు. ఆప్షన్లలో నాలుగు లేనే లేదు కాబట్టి పరీక్షలో ఆ ప్రశ్న వదిలేశాడు.

ముందు అతను తన లెక్కనే అనుమానించాడు. అది సరైన పనే, ఎందుకంటే కీతో తేడా వచ్చినప్పుడు ఎక్కువసార్లు తప్పు రాసినవాడిదే అయి ఉంటుంది. ప్రశ్నను మళ్లీ చదివాడు. ‘జారకుండా’ అనే మాట ఉందా? ఉంది. దొర్లేది లోపలా, బయటా? బయటే. వ్యాసార్థానికి బదులు వ్యాసం తీసుకోలేదు కదా? లేదు. ఆ తర్వాత రెండో పని మొదలుపెట్టాడు. కీ తయారుచేసినవాళ్లకి మూడు ఎలా వచ్చి ఉంటుందో వెతికాడు.

దారి వెంటనే దొరికింది. పెద్ద వృత్తం చుట్టుకొలత చిన్నదానికి మూడు రెట్లు. చిన్నది ఒకసారి తిరిగితే తన చుట్టుకొలతంత దూరం పోతుంది కాబట్టి మూడుసార్లు తిరిగితే సరిపోతుంది. ఈ మాట వింటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

పక్క మంచం కుర్రాడు లేచి వచ్చి, ‘రేయ్, కీ ఇచ్చింది సీనియర్ సార్ రా, పడుకో’ అన్నాడు. మనవాడు జేబులోంచి రెండు రూపాయి నాణేలు తీశాడు. రెండూ ఒకే సైజు. మూడు రెట్ల లెక్కను వదిలేసి, సమాన వృత్తాల దగ్గర ఏం జరుగుతుందో చూద్దామనుకున్నాడు. కీ పద్ధతి నిజమైతే, ఒక నాణెం చుట్టూ రెండోది దొర్లి వచ్చేసరికి అది ఒక్కసారే తిరగాలి. ఒక నాణేన్ని కాపీ మీద వేలితో నొక్కిపట్టి, రెండోదాన్ని దాని నెత్తిన పెట్టి, అంకె నిటారుగా ఉండేలా చూసుకుని మెల్లగా దొర్లించాడు. పై నాణెం కింది వైపుకి చేరింది. అంటే సగం దారే అయింది. ఆ లెక్కన అంకె తలకిందులు కావాలి. కానీ నిటారుగానే ఉంది! సగం దారిలోనే ఒక పూర్తి చుట్టు అయిపోయింది. మిగతా సగం కూడా దొర్లిస్తే మొత్తం రెండు.

ఇంకాస్త గట్టిగా చూడాలంటే పెద్ద వృత్తాన్ని కుదించి కుదించి ఒక చుక్క చేసెయ్యాలి. చుక్కకి చుట్టుకొలత లేదు కాబట్టి కీ పద్ధతిలో చుట్లు సున్నా రావాలి. కానీ అంచు ఒక చుక్కకి ఆనించి నాణేన్ని దాని చుట్టూ తిప్పితే అది ఒకసారి తిరిగే తీరుతుంది. ఆ ఒక్క చుట్టే కీలో లెక్కకి రాలేదు.

కారణం ఇది. పెద్ద వృత్తం అంచును విప్పి తిన్నని రోడ్డులా పరిస్తే, దాని మీద చిన్న వృత్తం సరిగ్గా మూడుసార్లే తిరుగుతుంది. కానీ ఆ రోడ్డు వంగి తనమీదికి తాను వచ్చి కలుస్తోంది. రోడ్డుతో పాటు దొర్లే వృత్తం కూడా ఒక పూర్తి మలుపు తిరగాలి. అందుకే ఒకటి ఎక్కువ. సూత్రంతో చూసినా అంతే. చిన్న వృత్తం వ్యాసార్థం r అనుకుంటే, దాని కేంద్రం నడిచేది 3r + r, అంటే 4r వ్యాసార్థం ఉన్న దారి మీద. ఆ దూరాన్ని చిన్నదాని చుట్టుకొలతతో భాగిస్తే నాలుగు వస్తుంది. భూమి విషయంలోనూ ఇదే జరుగుతుంది. మనం ఏడాదికి 365 రోజుల పావు లెక్కపెట్టుకుంటాం. నక్షత్రాలను బట్టి చూస్తే ఆ ఏడాదిలో భూమి తన చుట్టూ తాను తిరిగేది 366 సార్ల పావు. సూర్యుడి చుట్టూ చేసే ప్రదక్షిణే ఆ తేడా.

ఈ ప్రశ్న నిజంగా వచ్చింది 1982 మేలో, అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే ఎస్.ఎ.టి. పరీక్షలో. దాదాపు 3 లక్షల మంది రాశారు. ఆప్షన్లు ఐదు: ఒకటిన్నర, మూడు, నాలుగున్నర, ఆరు, తొమ్మిది. నాలుగు వాటిలో లేదు. తయారుచేసినవాళ్లు సరైనదనుకున్నది మూడు. ముగ్గురు విద్యార్థులు తప్పును వివరిస్తూ విడివిడిగా రాయడంతో పరీక్ష నిర్వాహకులు ఒప్పుకుని, ఆ ప్రశ్నను తీసేసి, అందరి మార్కులూ మళ్లీ లెక్కగట్టారు. మాటను పట్టుకుంటే ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. ‘ప్రదక్షిణ’ అనే అర్థంలో చూస్తే చిన్న వృత్తం పెద్దదాని చుట్టూ తిరిగింది ఒక్కసారే. అంటే ప్రశ్నే తేటగా లేదు. కీ మీద అభ్యంతరం రాసేటప్పుడు, జవాబు తప్పా, ప్రశ్నకే రెండు అర్థాలున్నాయా అన్నది విడదీసి చెప్పడం చాలా అవసరం. మొదటిదైతే కీ మారుతుంది, రెండోదైతే ప్రశ్నే పోవచ్చు.

మర్నాడు మన కుర్రాడు మ్యాథ్స్ సార్ దగ్గరికి వెళ్లి ‘సార్, కీ తప్పు’ అని ఊరుకుంటే ఆయన చిరాకుపడే అవకాశమే ఎక్కువ. ‘సార్, చుట్టుకొలతలు భాగిస్తే మూడే వస్తోంది. కానీ రెండు సమాన నాణేలతో చూస్తే అదే పద్ధతిలో ఒకటి రావాల్సింది రెండు వస్తోంది, ఒక్కసారి చూడండి సార్’ అంటూ నాణేలు బల్ల మీద పెడితే వాదనతో పని ఉండదు. తన జవాబుకి ఒక నిరూపణ, కీ పద్ధతి ఎక్కడ కూలుతుందో చూపే ఒక చిన్న ఉదాహరణ, ఈ రెండూ చేతిలో ఉంటేనే అది అభ్యంతరం. మొదటిది ఒక్కటే ఉంటే అది ఇంకో అభిప్రాయం మాత్రమే.

జేఈఈ మెయిన్, నీట్ లాంటి పరీక్షల్లో దీనికి ఒక పద్ధతి ఉంది. ముందు ప్రాథమిక కీ పెడతారు. కొద్ది రోజుల గడువులో, ప్రశ్నకి 200 రూపాయలు కట్టి, ఆధారాలు జతచేసి అభ్యంతరం పంపాలి. విషయ నిపుణులు చూశాక తుది కీ వస్తుంది. అక్కడితో అయిపోతుందన్న హామీ మాత్రం లేదు. 2024 నీట్ భౌతికశాస్త్రంలో పరమాణువుల మీద రెండు వాక్యాలిచ్చి ఏవి సరైనవని అడిగారు. ‘ప్రతి మూలకం పరమాణువులూ స్థిరమైనవి’ అన్న రెండో వాక్యం పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ప్రకారం సరైనది. కొత్త పుస్తకంలో ‘చాలా మూలకాల’ అని సవరించారు. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు వాటంతటవే విచ్ఛిన్నమవుతాయి కాబట్టి సవరణే నిజం. పాత పుస్తకం చదివినవాళ్లు నష్టపోకూడదని పరీక్ష సంస్థ రెండు జవాబులకూ మార్కులిచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. కోర్టు జులైలో ఐఐటీ ఢిల్లీ నుంచి ముగ్గురు నిపుణుల అభిప్రాయం అడిగింది. సరైన జవాబు ఒక్కటేనని, రెండో వాక్యం తప్పని వాళ్లు చెప్పారు. రెండో జవాబు పెట్టిన 4 లక్షల మందికి పైగా అభ్యర్థులకు అప్పటికే ఇచ్చిన 4 మార్కులు పోయి, తప్పు జవాబు కింద ఇంకో మార్కు తగ్గింది. 720కి 720 వచ్చినవాళ్లలో 44 మంది ఆ ఒక్క ప్రశ్నతోనే జాబితాలోంచి కిందికి దిగారు. సవరించిన ఫలితాల్లో మిగిలింది 17 మంది.