ముందుగా పంపే కాగితం

మీరిచ్చే విరాళం ఎక్కడ ఖర్చు కావాలో తేలేది కార్యవర్గ సమావేశంలో. ఆ సమావేశం చాలా సంఘాల్లో ఎలా నడుస్తుందో చూసినవారికి తెలుసు. రెండు గంటల కోసమని కూర్చుంటారు. కార్యదర్శి గారు లేచి నివేదిక చదువుతారు, కోశాధికారి గారు లెక్కలు చదువుతారు. విన్న అంకెలు విన్నట్టే మరిచిపోతారు. అసలు విషయానికి వచ్చేసరికి నమాజు వేళో, భోజనాల వేళో అవుతుంది. చివరి పది నిమిషాల్లో "సరే, అలాగే కానివ్వండి" అన్న మాటతో లక్షల రూపాయల సంగతి ముగిసిపోతుంది.

దీనికి మేము అనుసరిస్తున్న పద్ధతి సమావేశానికి ముందే ఒక కాగితం పంపడం. చదవవలసింది ఇంటి దగ్గర చదువుకుని వస్తే, కూర్చున్న సమయమంతా మాట్లాడుకోవడానికీ నిర్ణయించుకోవడానికీ మిగులుతుంది. ఎజెండా పంపడం వేరు, ఇది వేరు. ఎజెండాలో "అంబులెన్స్ విషయం" అని ఒక్క ముక్క ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ ఆలోచించుకుని రాలేరు.

ఆ అంబులెన్స్ విషయాన్నే ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు వివరణ కోసం వేసినవి. ఒక సంఘానికి పాత వ్యాను ఉంది. తరచూ షెడ్డుకు పోతోంది. ఏం చేయాలి? ముందుగా పంపే కాగితం మొదటి వాక్యంలోనే సభ్యులను అడుగుతున్నదేమిటో చెప్పాలి: "వ్యానును బాగుచేయించి నడుపుదామా, లేక దాన్ని ఆపి అద్దె వాహనాలతో ఒప్పందం చేసుకుందామా? ఈ ఆదివారం తేల్చాలి." చరిత్రతో మొదలుపెడితే చదివేవారికి తాము దేనికోసం చదువుతున్నామో మూడో పేజీ దాకా తెలియదు.

తర్వాత ఉన్న స్థితి. గత ఏడాది వ్యాను 212 ట్రిప్పులు తిరిగింది. డ్రైవర్ జీతం, డీజిల్, ఇన్సూరెన్స్ కలిపి 3,96,000 రూపాయలు, రిపేర్లకు 1,86,000. మొత్తం 5,82,000. అంటే ఒక్కో ట్రిప్పుకు సుమారు 2,750 రూపాయలు పడింది. అద్దె వాహనమైతే పగలు 1,500, రాత్రి 2,500 అడుగుతున్నారు. ట్రిప్ రిజిస్టరు ప్రకారం రాత్రి పది దాటాక వెళ్లినవి 74, మిగిలినవి 138. ఆ లెక్కన అద్దెకు ఏడాదికి 3,92,000 అవుతుంది.

ఇంతవరకూ చూస్తే అద్దే మేలనిపిస్తుంది. మంచి కాగితం ఇక్కడితో ఆగదు. తనకు తెలియనిదేదో కూడా చెబుతుంది: అర్ధరాత్రి పిలిస్తే అద్దె వాహనం తప్పకుండా వస్తుందా? అత్యవసరానికి 108 ఉంది. సంఘం వ్యాను ఎక్కువగా ఉపయోగపడేది డిశ్చార్జ్ అయినవారిని ఇంటికి చేర్చడానికి, డయాలిసిస్‌కు తీసుకెళ్లడానికి, మయ్యత్‌ను ఆసుపత్రి నుంచి ఇంటికి తేవడానికి. చివరి పనికి రాత్రిపూట ప్రైవేటు వాహనాలు వెనకాడితే 1,90,000 మిగిలిందని సంతోషించడానికి లేదు. ఏ నిధి నుంచి ఖర్చన్నదీ రాసి ఉండాలి. జకాత్ సొమ్ము ఎక్కడ వాడాలో నియమాలున్నాయి కనుక వ్యాను ఖర్చును సాధారణ నిధి కింద చూపితే, సమావేశంలో ఆ చర్చ మళ్లీ మొదటి నుంచి రాదు.

చివరగా రాసినవారి అభిప్రాయం ఒకటి, చర్చించవలసిన ప్రశ్నలు రెండో మూడో. ఇదంతా రెండు పేజీల్లో రావాలి. రిజిస్టరు నకలు, కొటేషన్లు వెనక జతచేస్తే చాలు.

ఎప్పుడు పంపాలి? 2013 కంపెనీల చట్టం బోర్డు సమావేశానికి కనీసం ఏడు రోజుల నోటీసు అడుగుతుంది. సొసైటీలు తమ నియమావళి ప్రకారం నడుచుకుంటాయి. నోటీసు సంగతి ఎలా ఉన్నా, కాగితం మాత్రం ఆదివారం సమావేశానికి బుధవారం చేరితే బాగుంటుందని మా అనుభవం. మరీ ముందు పంపితే మరిచిపోతారు, శనివారం రాత్రి పంపితే చదవరు. "ఈ కొటేషన్ జీఎస్టీ కలిపా, విడిగానా?" వంటి సందేహాలు శుక్రవారం రాత్రిలోగా కార్యదర్శికి చేరాలి. జవాబులు శనివారం అందరికీ వెళ్లాలి. వాట్సాప్ గ్రూపులో అభిప్రాయాల వాదన మాత్రం పెట్టుకోకూడదు. అక్కడ ముగ్గురు "ఓకే" అంటే మిగిలినవారు సమావేశంలో నోరు విప్పరు.

ఫోన్లో చిన్న అక్షరాల పీడీఎఫ్ చదవలేని పెద్దలకు అచ్చు ప్రతి ఇంటికి పంపాలి. తెలుగు కన్నా ఉర్దూ సులువైనవారు ఉంటే ఒకరు చదివి వినిపించాలి. సహాయం కోరిన కుటుంబాల పేర్లు మాత్రం ఏ కాగితంలోనూ ఉండకూడదు. దరఖాస్తు నంబరు వేస్తే చాలు. ఫోన్లలో ఒకసారి తిరిగిన పేరును వెనక్కి తేలేం.

ఇంత చేసినా చదవకుండా వచ్చేవారు ఉంటారు. అమెజాన్ కంపెనీలో 2004 నుంచి పెద్ద అధికారుల సమావేశాల్లో స్లైడ్లు మానేసి, ఆరు పేజీల వ్యాసం రాసి, అందరూ సమావేశం మొదట్లోనే మౌనంగా చదివే పద్ధతి పెట్టారు. ముందే చదవమంటే చదివినట్టు నటించేవారు ఉంటారన్నది అప్పటి అధిపతి జెఫ్ బెజోస్ అభిప్రాయం. అంత జీతాలిచ్చే చోటే అలా ఉంటే, సొంత పనులు మానుకుని వచ్చే సేవకులను తప్పుపట్టి ప్రయోజనం లేదు. మొదటి పది నిమిషాలు మౌనంగా చదవడానికి వదిలితే సరిపోతుంది. చదివినవారు మరోసారి చూసుకుంటారు.

ఆ తర్వాత జరిగేదే అసలు పరీక్ష. కార్యదర్శి లేచి కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివారా, పద్ధతి అక్కడే చచ్చిపోతుంది. ఇంట్లో చదివినవారికి విసుగు, చదవనివారికి బహుమానం. వచ్చే నెల ఎవరూ చదవరు. ఆయన ఐదు నిమిషాల్లో బుధవారం తర్వాత మారినదేమిటో చెప్పి, ప్రశ్నలు ముందుంచి కూర్చోవాలి. కాగితంలో లేని కొత్త కొటేషన్ ఎవరైనా అప్పటికప్పుడు జేబులోంచి తీస్తే, ఆ అంశాన్ని మరో సమావేశానికి వాయిదా వేయడమే న్యాయం.

చదివి వచ్చారో లేదో మొదటి ప్రశ్నతోనే తెలుస్తుంది. "ఎంతవుతుందంటారు?" అని అడిగితే చదవలేదు. "రాత్రి 74 ట్రిప్పుల్లో మయ్యత్ కోసం వెళ్లినవి ఎన్ని?" అని అడిగితే చదివారు. రిజిస్టరు తిరగేస్తే ఆ సంఖ్య 19 అని తేలిందనుకుందాం. అప్పుడు చర్చ వ్యాను మీద నుంచి ఆ 19 రాత్రుల మీదికి మళ్లుతుంది. ఇద్దరు వాహన యజమానుల దగ్గర రాత్రిపూట వస్తామని రాతపూర్వకంగా తీసుకుందాం, మూడు నెలలు చూద్దాం, అంతవరకు వ్యాను అమ్మవద్దు అని తేలుతుంది. కాగితం రాసినవారు సూచించినది ఇది కాదు. అయినా ఆ కాగితం లేకపోతే చర్చ ఇక్కడిదాకా వచ్చేది కాదు.

తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాసేటప్పుడు ఎవరు, ఏ తేదీలోగా చేయాలో రాసి, ఆ రెండు పేజీలను వెనక అతికిస్తాం. మూడు నెలల తర్వాత వ్యాను విషయం మళ్లీ వచ్చినప్పుడు, కొత్త కాగితం ఆ పాతదానితోనే మొదలవుతుంది: అప్పుడు అనుకున్నది ఎంత, ఇప్పుడు అయినది ఎంత, పిలిచినా వాహనం రాని రాత్రులు ఎన్ని.